చీర వాపసు తీసుకోవాలా వద్దా అంటే ఈ బ్రాకెట్లలో జవాబేంది?

చీరలకొట్టు_కర్నూలు
కర్నూలు వన్‌టౌన్‌లో మాకు చీరల కొట్టు ఉంది. ఫోన్‌లో ఫోటోలు చూసి ఆర్డర్ పెట్టేవాళ్లే ఇప్పుడు సగం. అమ్మడం సులువే, తలనొప్పంతా వాపసులతోనే. "కొంగులో పోగు లేచింది", "ఫోటోలో రంగు ఇది కాదు", "మా అత్తకు నచ్చలేదు" అని రోజుకు ముప్పై నలభై మెసేజ్‌లు. వేగలేక మా అక్క కొడుకుతో ఒక ప్రోగ్రాం రాయించినాను. బెంగళూరులో ఉద్యోగం వాడిది. మెసేజ్ ఏఐ మోడల్‌కు పోతుంది, అది మా కొట్టు నియమాలు చూసి తీసుకోవాలా వద్దా తీర్పు చెబుతుంది, దాన్ని బట్టి కస్టమర్‌కు జవాబు దానంతట అదే వెళ్తుంది.

మొదటి నెల తీర్పు చక్కగా తెలుగులో వచ్చేది. రాత్రి కొట్టు కట్టేసి చదువుకునేవాణ్ణి. పోయిన వారం నుంచి నా ఫోన్‌కు ఇట్ల వస్తోంది:

```
{"accept": false, "reason": "ఫాల్ కుట్టించారు"}
```

ఇదేందిరా అంటే "జేసన్ మామా, ఇట్ల ఉంటేనే ప్రోగ్రాంకు తెలుస్తుంది" అంటాడు. తెలుగులో ఉత్తరాలు రాసే ఏఐ, మళ్లీ ఈ మీసాల బ్రాకెట్లు ఎందుకు? నేను బీకాం, అదీ 1994లో. అర్థమయ్యేట్టు ఎవరైనా చెప్పండి.

తాడిపత్రి_తమ్ముడు
జేసన్ ఎవరన్నా, మీ మేనల్లుడి ఫ్రెండా?

నల్లకోటు_కడప
తీర్పు ఏ రూపంలో ఉండాలన్నది జిల్లా వినియోగదారుల కమిషన్ చూసుకుంటుంది. కారణాలు రాసి, సంతకం చేసి, సర్టిఫైడ్ కాపీ ఇవ్వాలి. బ్రాకెట్లలో ఇస్తే చెల్లదు. కస్టమర్ కేసు ఏ తేదీన వేశారు?

చీరలకొట్టు_కర్నూలు
సార్, కేసు ఎవరూ వేయలేదు. ఆ నోటి మాట రాకూడదనే కదా ఈ తిప్పలు.

సగంబీటెక్
సింపుల్. కంప్యూటర్‌కు జేసన్ ఒక్కటే అర్థమవుతుంది. తెలుగు అర్థం కాదు. మీవాడు చేసింది కరెక్ట్.

ప్రొద్దుటూరు_కోడర్
సగంబీటెక్ గారూ, సగమే కరెక్ట్. కంప్యూటర్‌కు జేసన్ కూడా ఉత్త అక్షరాల వరసే, దాన్ని విడదీసే కోడ్ ఎవరో ముందే రాసి పెట్టారు కాబట్టి నడుస్తోంది.

కొట్టు అన్నా, ముందు ఒక మాట చెప్పండి. మీ మేనల్లుడు ఊరికే మార్చి ఉండడు. మొదటి నెలలో ఏమైనా తేడా జరిగిందా?

చీరలకొట్టు_కర్నూలు
జరిగింది. ఫాల్ కుట్టించి, ఒకసారి కట్టుకుని, వద్దన్నారు ఒకామె. తీర్పులో స్పష్టంగా "ఫాల్ కుట్టించిన చీర కాబట్టి వెనక్కి తీసుకోకూడదు" అనే ఉంది. నా కళ్లతో చదివినాను. కానీ ఆమెకు పోయిన మెసేజ్ "మీ చీర వెనక్కి తీసుకుంటాం, కొరియర్ చేయండి". ఆమె చేసింది. 1,450 రూపాయలు తిరిగి ఇచ్చినాను, మాట అంటే మాటే కదా. అట్ల ఆ నెలలో మూడు చీరలు.

ప్రొద్దుటూరు_కోడర్
అనుకున్నాను. ఆ మూడు చీరల్లోనే ఉంది మీ ప్రశ్నకు జవాబు.

తీర్పు మీరు చదివారు, మీకు అర్థమైంది. కానీ కస్టమర్‌కు జవాబు పంపింది మీరు కాదు, ఏఐ కూడా కాదు. మధ్యలో మీవాడు రాసిన చిన్న ప్రోగ్రాం ఇంకోటి ఉంది. ఏఐ రాసిన వాక్యాన్ని తీసుకుని "పంపు" బటన్ నొక్కేది అది. దానికి తెలివి లేదు. వాక్యంలో ఫలానా ముక్క ఉందా లేదా అని వెతకడం ఒక్కటే చేతనవును. మీవాడు బహుశా "తీసుకో" అన్న ముక్క కోసం వెతికించి ఉంటాడు. "తీసుకోవాలి"లో అది ఉంది. "తీసుకోకూడదు"లోనూ ఉంది.

మన భాషలో వద్దనే మాట క్రియ చివర అతుక్కుంటుంది. ముందు భాగం చూసి అవునో కాదో చెప్పలేం. సరే, "తీసుకోవా" అని వెతికిద్దామా? "తీసుకోవాల్సిన పని లేదు" అని రాస్తుంది. "తీసుకోకూడదు" ఉంటే వద్దు అనుకుందామా? "తీసుకోకూడదని నియమమేమీ లేదు" అని ఇంకోరోజు రాస్తుంది. పైగా ఏఐ ఒకే మాటను రోజుకో రకంగా రాస్తుంది. మీరెన్ని మాటలు రాసి పెట్టినా అది ఇంకోటి వాడుతుంది.

చీరలకొట్టు_కర్నూలు
ఇప్పుడే ఫోన్ చేసి అడిగినాను. నిజమే, "తీసుకో" అనే వెతికించినాడంట. మీకెట్ల తెలిసింది?

ప్రొద్దుటూరు_కోడర్
నేనూ ఒకప్పుడు అదే చేశా కాబట్టి 🙂

తాడిపత్రి_తమ్ముడు
పెళ్లిచూపుల్లో "చూసి చెబుతాం" అన్నట్టుంది వ్యవహారం. మనిషికి అర్థమవుతుంది, ప్రోగ్రాం మాత్రం వెళ్లి మండపం బుక్ చేస్తుంది.

ఆడిటర్_గుమాస్తా
అన్నా, బ్రాకెట్లు కొత్తంటున్నారు గానీ మీరు ఎన్నేళ్ల నుంచో వాడుతున్నారు. జీఎస్టీ ఆఫ్‌లైన్ టూల్‌లో GSTR-1 నింపి పోర్టల్‌లోకి ఎక్కించే ఫైలు ఏంటనుకున్నారు? జేసనే. దాన్ని ఒకసారి నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి, ఇవే మీసాలు కనిపిస్తాయి. మీ బిల్లు పుస్తకం ఫోటో తీసి పంపితే పోర్టల్ తీసుకోదు కదా, అట్లే ఇది. అనంతపురంలో మా ఆఫీసులో ఒక క్లయింటు ఆ ఫైలు వైరస్ అనుకుని డిలీట్ చేశాడు, అదీ ఇరవై ఏళ్లుగా వ్యాపారం చేస్తున్నవాడు.

చీరలకొట్టు_కర్నూలు
మా ఆడిటర్ పంపే ఆ ఫైలా! దాన్ని నేనెప్పుడూ తెరిచి చూడలేదు.

ధర్మవరం_మగ్గం
అదంతా సరే. ఒక్క మాట జవాబు చాలు కదా. "తీసుకో" లేదా "వద్దు". ఆ ఒక్క మాటే రాయమని చెబితే అయిపోయేదానికి బ్రాకెట్లు, కోట్లు, ఇంత తతంగం ఎందుకు? మేం మగ్గం దగ్గర చీటీలో "ఓకే" అని రాస్తే చీర దాటిపోతుంది.

ప్రొద్దుటూరు_కోడర్
మగ్గం గారూ, మంచి ప్రశ్న. ఒక్క మాటే చాలితే నిజంగా ఒక్క మాటే చాలు, జేసన్ అక్కర్లేదు. కానీ అన్నకు రెండు కావాలి. ప్రోగ్రాంకు అవునో కాదో కావాలి, అన్నకూ కస్టమర్‌కూ కారణం కావాలి. రెండూ ఒకే జవాబులో వస్తే ఎక్కడ తీర్పు అయిపోయింది, ఎక్కడ కారణం మొదలైంది అన్న గీత ఉండాలి.

అన్నకు తెలిసిన లెక్కలో చెబుతాను. మీకు సూరత్ నుంచి సరుకు లారీ ఆఫీసుకు వస్తుంది. లారీ వాళ్లిచ్చే రసీదు, అదే ఎల్‌ఆర్, దాని మీద "టు పే", "పెయిడ్" అని ఉంటుంది కదా. సరుకు ఇచ్చే గుమాస్తా మీ సేటు రాసిన ఉత్తరం చదవడు. ఆ ఒక్క చోట చూసి, డబ్బులు అడగాలో వద్దో తేల్చుకుంటాడు. ఉత్తరంలో సేటు "కిరాయి సంగతి మనం చూసుకుందాం భాయ్" అని ఎంత ప్రేమగా రాసినా గుమాస్తాకు పనికిరాదు. జేసన్‌లో `"accept"` అన్నది ఆ గడి పేరు, పక్కన ఉన్నది గడిలో రాసింది. `"reason"` అనేది ఉత్తరం. గుమాస్తా ఉత్తరం జోలికి పోడు, అది మీకోసం.

ఆదోని_పత్తి
గడులే కావాలంటే కామాలు పెట్టి రాసే సీఎస్‌వీ ఉంది కదా, ఎక్సెల్‌లో తెరుచుకుంటుంది. నేను పత్తి తూకాలన్నీ అందులోనే పెట్టుకుంటా. లాట్ నంబరు, బస్తాలు, తేమ, ధర. ఏడేళ్లుగా ఒక్క తేడా రాలేదు.

ప్రొద్దుటూరు_కోడర్
తూకాలకు అదే మేలు, అన్నీ అంకెలు కాబట్టి. ఇక్కడ కారణం మాటల్లో ఉంటుంది. "రంగు పోయింది, అంచు చిరిగింది" అని రాయగానే మధ్యలోని కామా దగ్గర అది రెండు గడులైపోతుంది. కోట్‌లు పెట్టి కాపాడుకోవచ్చు గానీ ఏఐ ఒకసారి పెడుతుంది, ఒకసారి మరిచిపోతుంది. ఇంకోటి, సీఎస్‌వీలో మూడో గడి అంటే ఏంటో వరసను బట్టి తెలుసుకోవాలి. జేసన్‌లో ప్రతి గడి పక్కనే దాని పేరుంటుంది, వరస మారినా ఫర్వాలేదు.

సగంబీటెక్
కానీ జేసన్‌లో తెలుగు రాదు. నేను చూశాను, తెలుగు పెడితే ఇట్ల తయారైంది: `\u0c1a\u0c40\u0c30`. ఇంగ్లిష్‌లోనే కారణం రాయించమనండి.

ప్రొద్దుటూరు_కోడర్
అది పాడైపోలేదండీ. "చీర" అని ఉంది అక్కడ. చ, దాని గుడి దీర్ఘం, ర. ఒక్కోదానికి ఒక్కో నంబరు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష జేసన్ రాసేటప్పుడు మామూలుగా ఇట్ల నంబర్లలోకి మారుస్తుంది, `ensure_ascii=False` అని పెడితే తెలుగు తెలుగులాగే రాస్తుంది. చదివే ప్రోగ్రాంకు రెండూ ఒకటే. అన్న స్క్రీన్‌లో తెలుగు బాగానే వస్తోంది, అన్న మేనల్లుడు ఆ పని చేసే ఉంటాడు.

చీరలకొట్టు_కర్నూలు
ఇప్పుడు కొంచెం దారి కనిపిస్తోంది. అంటే తీర్పు నాకోసం కాదు, ఆ నడిమధ్య ప్రోగ్రాం కోసం. మరి నా ఫోన్‌కు ఎందుకు పంపుతున్నాడు వాడు?

ప్రొద్దుటూరు_కోడర్
పంపకూడదు. అది వాడి తప్పే. జేసన్ ప్రోగ్రాంకు ప్రోగ్రాంకు మధ్య చీటీ. మీకు పచ్చ రంగులో "తీసుకుంటున్నాం" అనో, ఎర్ర రంగులో "వద్దన్నాం" అనో, కింద కారణం తెలుగులో కనిపిస్తే చాలు. పది నిమిషాల పని.

చీరలకొట్టు_కర్నూలు
ఇప్పుడు అసలు విషయం. జేసన్‌కు మారినాక అంతా బాగుంది అనుకుంటున్నానా, మొన్న శుక్రవారం మళ్లీ ఒకటి తప్పు పోయింది. వద్దనాల్సిన చీరకు తీసుకుంటామని పోయింది. ఉతికిన చీర. ఆ రోజు వచ్చినవి రెండు వరసగా పెడుతున్నా. మొదటిదానికి వద్దనే పోయింది, రెండోదానికి తీసుకుంటాం అని పోయింది. నాకైతే రెండూ ఒకటిగానే కనిపిస్తున్నాయి.

```
{"accept": false, "reason": "పది రోజులు దాటింది"}
{"accept": "false", "reason": "చీర ఉతికారు"}
```

జేసన్ ఉంటే తప్పు పోదన్నారు కదా?

తాడిపత్రి_తమ్ముడు
నాకూ ఒకటిగానే ఉన్నాయి. కళ్లజోడు తెచ్చుకోవాలా?

ఆడిటర్_గుమాస్తా
రెండోదాంట్లో కోట్‌లు ఉన్నాయి.

ప్రొద్దుటూరు_కోడర్
గుమాస్తా కన్ను గుమాస్తా కన్నే!

అన్నా, తప్పు పోదని ఎవరూ అనలేదు, నేనైతే అనలేదు. ఇక్కడ జరిగింది చూడండి. కోట్‌లు లేని `false` అంటే "కాదు" అన్న తీర్పు. కోట్‌లు ఉన్న `"false"` అంటే ఎఫ్, ఏ, ఎల్, ఎస్, ఈ అనే ఐదు అక్షరాల మాట, అంతే. జేసన్ ప్రకారం రెండూ తప్పులేని రాతలే, అందుకే చదివేటప్పుడు ఎక్కడా ఎర్రర్ రాలేదు. మీవాడి కోడ్‌లో ఇట్ల ఉండి ఉంటుంది:

```
if result["accept"]:
    send_accept()
```

పైథాన్‌లో ఖాళీగా లేని ఏ మాటైనా "అవును" కిందే లెక్క. గడిలో ఏదో రాసి ఉంది కదా, కాబట్టి అవును. "వద్దు" అని రాసినా అవునే! అందుకే ఉతికిన చీర దాటిపోయింది. మీవాడిని కంప్యూటర్‌లో `bool("false")` అని కొట్టి చూడమనండి, `True` వస్తుంది.

ధర్మవరం_మగ్గం
దీనికంటే నా చీటీ మేలు.

ప్రొద్దుటూరు_కోడర్
ఈసారి మీరన్నదాంట్లో న్యాయం ఉంది. గడి పేరు మార్చి, అందులో మాటే రాయించడం మేలు. నేనైతే ఇట్ల పెడతాను:

```
{"reason": "చీర ఉతికారు", "verdict": "reject"}
```

`verdict` గడిలో మూడే మాటలు ఉండాలి. `accept`, `reject`, `ask`. మూడోది "నాకు తేలలేదు, యజమానిని అడగండి" అని. ప్రోగ్రాం ఆ మాటను అక్షరం అక్షరం సరిపోల్చుతుంది. ఈ మూడింట్లో ఏదీ కాకపోతే, గడే లేకపోతే, జేసన్ విరిగిపోతే, కస్టమర్‌కు ఏమీ పోకూడదు. నేరుగా అన్న ఫోన్‌కు రావాలి. మీ మొదటి ప్రోగ్రాం తెలియని వాక్యాన్ని కూడా ఏదో ఒకటి అనుకుని పంపేసింది. జేసన్ వల్ల అసలు లాభం ఇదే, తీర్పు గడిలో లేకపోతే లేదని తెలుస్తుంది. వాక్యాల్లో అయితే అది ఎప్పుడు పోయిందో మీకే తెలియదు.

చీరలకొట్టు_కర్నూలు
విరిగిపోవడం అంటే? ఒకరోజు రాత్రి మావాడి దగ్గర ఇది చూసినాను, అదేనా?

```
JSONDecodeError: Expecting value: line 1 column 1 (char 0)
```

ప్రొద్దుటూరు_కోడర్
అదే. మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయింది అని దాని అర్థం. ఏఐకి మర్యాద ఎక్కువ. మీసాల బ్రాకెట్‌కు ముందు "ఇదిగోండి మీరు అడిగిన తీర్పు" అని ఒక వాక్యం రాసి ఉంటుంది. ప్రోగ్రాం బ్రాకెట్ కోసం చూస్తే "ఇ" ఎదురైంది. ఇంకో రకం కూడా ఉంది. కారణం చాంతాడంత రాసుకుంటూ పోయి, పొడవు హద్దు దాటి, చివరి బ్రాకెట్ పడకముందే ఆగిపోతుంది. అందుకే కారణం ఒక్క వాక్యంలో చెప్పమనాలి. కొన్ని మోడళ్లలో నమూనా ముందే ఇస్తే దానికి సరిపడని ముక్కను అసలు రాయనివ్వని ఏర్పాటు ఉంది. మీవాడు వాడే దాంట్లో ఉంటే పెట్టుకోమనండి, మర్యాద వాక్యాల బెడద పోతుంది.

సగంబీటెక్
తీర్పు ముందు, కారణం తర్వాత కదా ఉండాలి? మీరు తిప్పి రాశారు.

ప్రొద్దుటూరు_కోడర్
కావాలనే. మోడల్ మొదటి నుంచి చివరిదాకా ఒక్కో ముక్క రాసుకుంటూ పోతుంది, వెనక్కి వచ్చి దిద్దుకోదు. తీర్పు ముందు రాయిస్తే, తర్వాత రాసే కారణం ఆ తీర్పును సమర్థించుకోవడమే అవుతుంది. కారణం ముందు రాయిస్తే, తీర్పు దగ్గరికి వచ్చేసరికి "చీర ఉతికారు" అన్నది దాని ఎదురుగా ఉంటుంది.

సగంబీటెక్
ఒక్క వాక్యం కారణానికి ఏం తేడా వస్తుందండీ. మా టీంలో రెండు రకాలుగా పెట్టి చూశాం, ఏమీ మారలేదు.

ప్రొద్దుటూరు_కోడర్
సులువైన కేసుల్లో మారదు. తిరకాసు కేసుల్లో నాకు తేడా కనిపించింది. అన్నే రెండూ పెట్టి చూడొచ్చు.

ఆదోని_పత్తి
ఎంత నమ్మకమో కూడా నూటికి ఇంత అని ఒక గడి పెట్టించండి. తొంభై దాటితేనే పంపమనండి. మేం తేమకు అట్లే చేస్తాం.

ప్రొద్దుటూరు_కోడర్
తేమ మీటరు కొలిచి చెబుతుంది అన్నా. ఏఐ ఆ గడిలో రాసే 95 ఏ కొలతా కాదు, అదీ ఇంకో మాటే. తప్పు తీర్పుకు కూడా 95 వేస్తుంది. నేనైతే దాని మీద డబ్బు పెట్టను.

చీరలకొట్టు_కర్నూలు
ఆదివారం మావాడు వచ్చినాడు, పొద్దున్నే కూర్చోబెట్టి అన్నీ మార్పించినాను. మూడు మాటలు, కారణం ముందు, తేడా వస్తే నా ఫోన్‌కు. నా స్క్రీన్ మీద పచ్చ, ఎరుపు, పసుపు వస్తున్నాయి, మీసాలు పోయినాయి. మధ్యాహ్నం భోజనాలయ్యాక, నేనే చేత్తో తేల్చిన పాత మెసేజ్‌లు 20 తీసి దానికి ఇచ్చినాము, నా జవాబు చెప్పకుండా. 17 నాతో కలిసినాయి. రెండు పసుపు వచ్చినాయి, ఫోటో సరిగ్గా లేనివి, నిజంగా నన్ను అడగాల్సినవే. ఒక్కటి మాత్రం తప్పు:

```
{"reason": "ఫాల్ కుట్టించారు", "verdict": "reject"}
```

కొంగులో నేత దారం తెగిన చీర అది. నేను తీసుకున్నాను. ఫాల్ కుట్టిస్తేనేం, నేతలో లోపం ఉంటే మనదే కదా బాధ్యత.

ప్రొద్దుటూరు_కోడర్
ఆ మాట మీ నియమాల కాగితంలో ఉందా?

చీరలకొట్టు_కర్నూలు
లేదు. "ఫాల్ కుట్టించినవి, ఉతికినవి తీసుకోబడవు" అని మా నాయన కాలం నుంచి గోడ మీద ఉన్న బోర్డునే వాడు ఎక్కించినాడు. నేత లోపానికి తీసుకుంటామని మా గుమాస్తాలకు తెలుసు, ఎక్కడా రాయలేదు.

ప్రొద్దుటూరు_కోడర్
మరి జేసన్ తప్పేమీ లేదు. గడి సరైనది, మాట సరైనది, మీ బోర్డు ప్రకారం తీర్పు కూడా సరైనదే.

ధర్మవరం_మగ్గం
నేత లోపమా, ఫాల్ కుట్టేటప్పుడు సూది తగిలి తెగిందా అని ఫోటో చూసి ఎట్ల తేలుస్తుంది అది? నేను చేత్తో పట్టుకుంటే గానీ చెప్పలేను.

చీరలకొట్టు_కర్నూలు
అయితే నేత లోపం అన్న ప్రతిదీ పసుపే. నా దగ్గరికే రానీ.

తాడిపత్రి_తమ్ముడు
ఇది బయటికి తెలిస్తే రేపటి నుంచి అందరూ నేత లోపం అనే రాస్తారు చూడన్నా.